ఆరు వరుసల్లో ఒకే మాట: ఒక యువ మిత్రుడికి లేఖ

గవర్నరుపేట,
విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రెజ్యూమే, దానితోపాటు నువ్వు రాసిన ఉత్తరం రెండూ అందాయి. ఉత్తరం బాగుంది. రెజ్యూమే చూశాక మాత్రం మనసు చివుక్కుమన్నది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో నువ్వు చేసిన ఉద్యోగం కింద ఆరు వరుసలున్నాయి, ఆరూ 'రెస్పాన్సిబుల్ ఫర్' అనే మొదలయ్యాయి. స్టాక్ రిజిస్టరుకు, సరుకు దింపడానికీ ఎత్తడానికీ, రైతుల సందేహాలకు, టాలీలో బిల్లింగుకు, కొత్తవాళ్ల శిక్షణకు, చాంబర్ల ఉష్ణోగ్రత నమోదుకు నువ్వు బాధ్యుడివట. ఉత్తరంలో మాత్రం మాటవరసకన్నట్టు ఒక సంగతి రాశావు. నిరుడు సీజనులో రిజిస్టరు లెక్కకూ లోపలున్న మిర్చి బస్తాలకూ, అదే టిక్కీలకూ, పొంతన కుదరకపోతే, నాలుగు చాంబర్లూ తిరిగి వరుసవరుసా లెక్కపెట్టి, 140 టిక్కీలు స్లిప్పు లేకుండా ఒక చాంబరు నుంచి మరో చాంబరుకు మారాయని పట్టుకున్నానన్నావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంత పని చేసిన మనిషి, తనను కొలువులోకి తీసుకోబోయేవాడికి చూపించే కాగితంలో దాన్ని ఎందుకు దాచుకున్నాడో నాకు అర్థం కాలేదు.

బాధ్యత అన్నది యజమాని నీకు అప్పగించిన పని పేరు మాత్రమే. ఆ పని నువ్వు చేశావో లేదో, చేస్తే ఏమైందో అందులో లేదు. నీకు ముందు అదే కుర్చీలో కూర్చుని లెక్క తప్పిపోనిచ్చిన గుమాస్తా కూడా ఆ రిజిస్టరుకు బాధ్యుడే కనుక, అతని రెజ్యూమేలోనూ ఇదే వరుస అక్షరం మారకుండా ఉండవచ్చు. మీ ఇద్దరినీ విడదీసి చూపగలిగేది వరుస మొదట్లో ఉండే క్రియ ఒక్కటే. చదివేవాడి చూపు ఎడమ అంచు వెంట కిందికి జారుతుంది. అక్కడ ఆరుసార్లు ఒకే మాట తగిలితే, కుడివైపు ఏముందో చూసే ఓపిక అతనికి మిగలదు.

ఈ విషయంలో నాకు పాత కోపం ఒకటి ఉంది. వయసులో ఉన్నప్పుడు పత్రికకు గ్రామీణ విలేఖరిగా పనిచేశాను. ఒక రాత్రి కాలువకు గండి పడితే, తెల్లవార్లూ రైతులు ఇసుక బస్తాలు మోసి పూడ్చారు. నేను గట్టు మీదే ఉండి చూసి, 'రైతులు గండి పూడ్చారు' అని రాసి పంపాను. మర్నాడు పేపర్లో 'గండి పూడ్చివేత చర్యలు చేపట్టడం జరిగింది' అని వచ్చింది. డెస్కు మీద కూర్చున్న పెద్దమనిషికి అదే గౌరవప్రదమైన భాష. తెల్లవార్లూ బస్తాలు మోసినవాళ్లు ఆ వాక్యంలో ఎక్కడా లేరు. నీ ఆరు వరుసలు చదివినప్పుడు నాకు ఆ వార్తే గుర్తుకొచ్చింది, ఎందుకంటే అక్కడ డెస్కు చేసిన పనిని ఇక్కడ నీకు నువ్వే చేసుకున్నావు.

దీనికి విరుగుడని చెప్పి ఇప్పుడు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో పవర్ వెర్బ్స్ జాబితాలు పంచుతున్నారు. వాటి జోలికి పోవద్దు. కాలేజీ గడప దాటి ఏడాది కాని పిల్లలు కూడా స్పియర్‌హెడెడ్ అనీ ఆర్కెస్ట్రేటెడ్ అనీ రాసుకొస్తున్నారు. 'మీరు దేనికి సారథ్యం వహించారు?' అని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేస్తే వాళ్ల దగ్గర సమాధానం ఉండదు. క్రియను జాబితాలోంచి ఏరి పనికి తగిలించకూడదు. ముందు ఆ రోజు నువ్వు ఏం చేశావో మామూలు తెలుగులో చెప్పుకోవాలి, ఆ తరువాతే దానికి సరిపోయే ఇంగ్లీషు క్రియ వెతకాలి. పనులు వేరువేరైనప్పుడు క్రియలు వాటంతట అవే వేరవుతాయి. వైవిధ్యం కోసం పర్యాయపదాలు వెతుక్కోవలసిన అవసరం రాదు.

నీ మొదటి వరుసనే తీసుకుందాం. నువ్వు లెక్కపెట్టావు, రిజిస్టరుతో సరిపోల్చావు, తేడా ఎక్కడుందో జాడ తీశావు, ఆపైన సరుకు చాంబరు మారినప్పుడల్లా రెండు ప్రతుల స్లిప్పు రాసే పద్ధతి పెట్టించావు. ఇంగ్లీషులో ఇవి కౌంటెడ్, రికన్సైల్డ్, ట్రేస్డ్, ఇంట్రొడ్యూస్డ్. నాలుగూ వాడనక్కరలేదు. లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు, పైగా సరిపోల్చడంలోనే అది ఇమిడి ఉంది కనుక దాన్ని వదిలేయి. మిగిలినవాటిని రెండు వరుసలు చెయ్యి. మొదటిది రికన్సైల్డ్‌తో మొదలై, నాలుగు చాంబర్ల భౌతిక నిల్వను రిజిస్టరుతో సరిచూసి 140 టిక్కీల తేడా జాడ తీశానని చెప్పాలి. రెండోది ఇంట్రొడ్యూస్డ్‌తో మొదలై ఆ స్లిప్పు పద్ధతి గురించి చెప్పాలి. అయితే ఒక్కటి చూసుకో. ఆ పద్ధతి నిజంగా అమలులోకి వస్తేనే ఇంట్రొడ్యూస్డ్ అనాలి. నువ్వు సూచించి, యజమాని ఇంకా ఆలోచిస్తూ ఉంటే అది ప్రపోజ్డ్ మాత్రమే.

క్రియ ఎంత బలంగా ఉండాలో నిర్ణయించేది నీ వంతు పని. సరుకు దించే విషయంలో సూపర్‌వైజ్డ్ అని రాయాలనిపిస్తుంది, కానీ ముఠా కార్మికులకు వాళ్ల మేస్త్రీ ఉంటాడు, వాళ్లు అతని మాట వింటారు. పంట వచ్చే నెలల్లో గేటు బయట లారీలు బారులు తీరినప్పుడు, ఏది ముందు లోపలికి రావాలో, ఏ చాంబరుకు వెళ్లాలో నువ్వు నిర్ణయించానన్నావు. అది షెడ్యూల్డ్. ఉష్ణోగ్రత సంగతీ అంతే. మీటరు చూసి పుస్తకంలో రాయడమే నీ పనైతే రికార్డెడ్ అన్న చిన్న మాటే సరైనది. అంకె పెరిగినప్పుడు అమ్మోనియా ప్లాంటు ఆపరేటరును లేపి కంప్రెసరు చూపించి ఉంటే అప్పుడు మానిటర్డ్ అనవచ్చు. రాసిన ప్రతి క్రియ పక్కనా 'ఎలా?' అని అడుగుతారనుకో, రెండు నిమిషాలు తడుముకోకుండా చెప్పలేని క్రియను కొట్టెయ్యి.

హ్యాండిల్డ్, ఇన్వాల్వ్‌డ్ ఇన్, వర్క్‌డ్ ఆన్ అనేవి కూడా 'రెస్పాన్సిబుల్ ఫర్' జాతివే. దాన్ని తీసేసి ఆ చోట వీటిని కూర్చోబెడితే ఏమీ మారదు. నువ్వు ఆ ఉద్యోగం మానేశావు కనుక క్రియలన్నీ భూతకాలంలోనే ఉండాలి. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగమైతే, రోజూ సాగే పనులను వర్తమానంలో రాయాలి. టాలీ, జీఎస్టీ, ఎక్సెల్ వంటి పేర్లను మాత్రం ఎక్కడా తొలగించకు. పెద్ద కంపెనీలు దరఖాస్తులను సాఫ్ట్‌వేరుతో వడపోసేటప్పుడు ఎక్కువగా వెతికేవి ఆ పేర్లే, ఎంత మంచి క్రియ అయినా వాటి లోటు తీర్చదు. రైతుల వరుసకూ శిక్షణ వరుసకూ ఈ పాటికి దారి నీకే దొరికి ఉంటుంది. ఫొటో గురించీ, పేజీల సంఖ్య గురించీ నువ్వడిగినవి తరువాత చూద్దాం.

టాలీ వరుసకు మాత్రం నేను క్రియ ఇవ్వలేకపోతున్నాను, ఎందుకంటే అక్కడ నువ్వు ఏం చేశావో ఉత్తరంలోనూ రాయలేదు. అద్దె బిల్లులు నువ్వే తయారు చేశావా, బకాయిలు వసూలు చేశావా, సీజను చివర, సరుకు దాచినప్పుడిచ్చిన బాండు పట్టుకొచ్చిన రైతుకు లెక్క తేల్చి పంపావా? ఈ మూడింటికీ మూడు వేరు క్రియలున్నాయి. ఏది నీదో రాసి, సవరించిన ప్రతితోపాటు పంపు.