టెక్ సందేహాలు: ఎస్ఎస్‌డీ ధరలో రూపాయి వాటా ఎంత?

ప్రశ్న: 2024 ఎండాకాలంలో 5,200 పెట్టి 1 టీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. అలాంటిదే ఇంకొకటి అడిగితే బరంపురం షాపువాళ్లు 9,000 అంటున్నారు. ఇదేంటంటే "రూపాయి పడిపోయింది మేడమ్" అన్నారు. మరి పెట్రోలు అంతగా పెరగలేదు కదా? పైగా ఫ్రీలాన్సింగ్ చేసే మా తమ్ముడు రూపాయి పడితే తనకే లాభమని సంబరపడుతున్నాడు. ఇందులో ఏది నిజం సార్?
*(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)*

జవాబు: షాపాయన చెప్పింది అబద్ధం కాదు కానీ, పూర్తి నిజమూ కాదు. రూపాయి వంతు ఎంతో లెక్క కట్టొచ్చు. 2024 మధ్యలో డాలరుకు 83 రూపాయల చిల్లర ఉండేది. 2025 డిసెంబరులో మొదటిసారి 90 దాటింది. రేటు రోజూ మారుతుంది కాబట్టి, లెక్క తేలిగ్గా ఉండడానికి ఈ రెండు అంకెలే తీసుకుందాం.

```
రూపాయి వల్ల రావలసిన ధర = పాత ధర × కొత్త రేటు ÷ పాత రేటు
5200 × 90 ÷ 83 = 5639
```

అంటే రూపాయి ఒక్కటే కారణమైతే మీ ఎస్ఎస్‌డీ 5,640 దగ్గర ఆగాలి. పెరిగిన 3,800లో రూపాయి ఖాతాలో రాయాల్సింది 440. మిగతాదానిలో చాలావరకు డాలర్లలోనే పెరిగిన ధర. 2025 చివర్లో మెమరీ కంపెనీలు డేటా సెంటర్లు కొనే రకాల మీదే ఎక్కువ దృష్టి పెట్టాయి. దాంతో మామూలు ర్యామ్‌కీ, ఎస్ఎస్‌డీల్లో వాడే చిప్‌లకీ కొరత వచ్చింది. రూపాయి ఒక్క పైసా కదలకపోయినా మీ ఎస్ఎస్‌డీ ధర పెరిగేదే. ఇకమీదట ఎవరైనా "డాలరు పెరిగింది" అంటే, కొన్ననాటి రేటు, ఇవాళ్టి రేటు పక్కపక్కన పెట్టి ఈ చిన్న లెక్క వేయండి. డాలరుకు రిఫరెన్స్ రేటు ప్రకటించే సంస్థ ఎఫ్‌బీఐఎల్, పని దినాల్లో దాని వెబ్‌సైట్‌లో ఆ రేటు ఉంటుంది. లెక్కలో వచ్చినదానికన్నా ధర చాలా ఎక్కువగా ఉంటే, ఆ తేడాకు కారణం రూపాయి కాదు, ఇంకేదో ఉంది.

ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం రూపాయి వంతు గట్టిగానే తగులుతుంది. 500 డాలర్ల ల్యాప్‌టాప్ రేవులో దిగిందనుకుందాం. 83 రేటున దాని విలువ 41,500. దానిమీద 18 శాతం ఐజీఎస్టీ 7,470. మొత్తం 48,970. రేటు 90 అయితే విలువ 45,000, పన్ను 8,100, మొత్తం 53,100. తేడా 4,130. ఇందులో 630 రూపాయలు పన్నే. పన్ను రేటు పెరగలేదు, అదే 18 శాతం. కానీ కస్టమ్స్ వాళ్లు డాలర్ విలువను రూపాయల్లోకి మార్చి దాని మీద పన్ను కడతారు కాబట్టి, రూపాయి పడితే ప్రభుత్వానికి కట్టేది కూడా దానంతటదే పెరుగుతుంది. హోల్‌సేలరు లాభమూ శాతంలోనే ఉంటుంది, అదీ పెరుగుతుంది.

ఇందులో షాపువాళ్ల తిరకాసు ఒకటుంది. పాత రేటుకు తెచ్చిన సరుకు షెల్ఫ్‌లో ఉన్నా కొత్త ధరే చెబుతారు. ఎందుకంటే అది అమ్మగానే మళ్లీ తెచ్చుకోవాల్సింది కొత్త రేటుకే. అది వ్యాపారం, తప్పు పట్టలేం. రూపాయి బలపడినప్పుడు మాత్రం "ఇది పాత స్టాక్ సార్" అంటారు! అప్పుడు మీరు బేరం ఆడొచ్చు.

ఇక పెట్రోలు. మన దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది, బిల్లు డాలర్లలో ఉంటుంది. బ్యారెల్‌కు 159 లీటర్లు. బ్యారెల్ 70 డాలర్లయితే, 83 రేటున లీటరు ముడి చమురు 36 రూపాయల 54 పైసలు. రేటు 90 అయితే 39 రూపాయల 62 పైసలు. అంటే లీటరుకు మూడు రూపాయల పైచిలుకు. ల్యాప్‌టాప్‌లాగే ఇదీ ఎనిమిదిన్నర శాతం దెబ్బే. కానీ బంకులో మీరు కట్టే వంద రూపాయల్లో ముడి చమురు వంతు సగం కూడా ఉండదు. కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని స్థిరంగా ఉంటుంది, డాలరుతో కదలదు. రాష్ట్రం వేసే వ్యాట్ మాత్రం చాలాచోట్ల శాతం లెక్క కాబట్టి కదులుతుంది. మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళితే పెట్రోలు ధర ఎంత తేడాగా ఉంటుందో, ఆంధ్ర బళ్లు ఒడిశా బంకుల్లో ఎందుకు ఆగుతాయో పర్లాకిమిడిలో చిన్నపిల్లలకీ తెలుసు. రెండు వైపులా డాలరు ఒక్కటే, చమురు ఒక్కటే, తేడా పన్నుల్లోదే.

మరి ఆ మూడు రూపాయలైనా ఎందుకు కనబడలేదు? 2017 జూన్ నుంచి ధరలు రోజూ మార్చుకోవచ్చని కాగితం మీద ఉంది. ఆచరణలో ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు నెలల తరబడి ధర కదపకుండా కూర్చున్న సందర్భాలున్నాయి. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించడానికి ముందు దాదాపు రెండేళ్లు అలాగే నడిచింది. నష్టం వచ్చినప్పుడు భరిస్తాయి, చమురు చవకైనప్పుడు మిగుల్చుకుని సర్దుకుంటాయి. ఇంకో సంగతి, ముడి చమురే 70 నుంచి 65 డాలర్లకు దిగిందనుకోండి. 90 రేటున లీటరు 36 రూపాయల 79 పైసలు పడుతుంది. అంటే 83 రేటు నాటి ఖర్చుకూ దీనికీ తేడా పావలా. డాలర్లలో చవకైన లాభాన్ని పడిపోయిన రూపాయి మింగేసింది. ధర పెరగలేదు కదా అని రూపాయి మన జేబు జోలికి రాలేదనుకుంటే పొరపాటు. తగ్గాల్సిన ధర తగ్గలేదు, అంతే.

ఇప్పుడు మీ తమ్ముడి సంబరం సంగతి. ఆయన నెలకు 500 డాలర్ల బిల్లు వేస్తారనుకుందాం. పని ఇప్పించే ప్లాట్‌ఫామ్ పది శాతం కోసుకుంటే 450 వస్తాయి. బ్యాంకు మార్కెట్ రేటు ఇవ్వదు, టీటీ కొనుగోలు రేటని కాస్త తక్కువ కడుతుంది. డాలరుకు ఒక రూపాయి తక్కువ ఇస్తుందనుకుంటే అప్పట్లో 82 చొప్పున 36,900, ఇప్పుడు 89 చొప్పున 40,050. పెరిగింది 3,150. ఇందులోంచి తీసేయాల్సినవి ఉన్నాయి. హోస్టింగ్, సాఫ్ట్‌వేర్ చందాలకు నెలకు 40 డాలర్లు కార్డు మీద కడుతుంటే, కార్డువాళ్ల మూడు శాతం మార్కప్‌తో కలిపి అప్పుడు సుమారు 3,420 అయ్యేది, ఇప్పుడు 3,710 అవుతుంది. అంటే చేతిలో మిగిలే లాభం 2,860 దాకా. ల్యాప్‌టాప్ మార్చాల్సొస్తే పైన చెప్పిన 4,130 ఒక్కసారే పోతుంది.

అయినా లాభం లాభమే. ఇంటద్దె, కరెంటు బిల్లు, కిరాణా అన్నీ రూపాయల్లో ఉన్నాయి కాబట్టి వచ్చిన లాభమిది. ఎగుమతిదారుకి రూపాయి పతనం కలిసొచ్చేది ఇలాగే. రాబడి డాలర్లలో, ఖర్చు రూపాయల్లో ఉండాలి. ఖర్చు కూడా డాలర్లలోకి జరిగే కొద్దీ లాభం కరిగిపోతుంది.

మన వైపే చూడండి. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో కంపెనీ అల్యూమినా తయారవుతుంది, అల్యూమినియం చేసేది దాంతోనే. అల్యూమినా తీసే బాక్సైట్ ఖనిజం పక్కనున్న పంచపట్మలి కొండ మీదిది. జీతాలు రూపాయల్లో. అల్యూమినాలో కొంత విదేశాలకు డాలర్ ధరకు అమ్ముతారు. అక్కడ రూపాయి పడితే కలిసొచ్చే వాటా పెద్దది, కాస్టిక్ సోడా లాంటి వాటి ఖర్చు కొంత పెరిగినా సరే. జీడిపప్పు సంగతి తిరగబడుతుంది. ఆఫ్రికా నుంచి డాలర్లకు గింజలు తెప్పించి, కొట్టించి, పప్పును ఎగుమతి చేసే ఫ్యాక్టరీకి లాభం వచ్చేది కొట్టుడు కూలి, మార్జిన్ మేరకే. అదే పప్పును దేశంలోనే అమ్మితే లాభం లేదు సరికదా, గింజల ఖర్చు పెరిగి నష్టమే. "ఎగుమతిదారులకు లాభం" అని పేపర్లో చదివినప్పుడు, వాళ్ల ముడిసరుకు ఎక్కడిది అన్న ప్రశ్న వేసుకుంటే సగం విషయం తేలిపోతుంది.

తమ్ముడికి రెండు మాటలు చెప్పండి. ఒప్పందం రూపాయల్లో రాసుకుని ఉంటే డాలరు ఎక్కడికి పోయినా ఆయనకు ఒక్క రూపాయి కూడా రాదు, లాభమంతా అవతలి కంపెనీది. డాలర్లలోనే ఉన్నా, "మీ దగ్గర ఇప్పుడు డాలరుకు ఎక్కువ వస్తోంది కదా, రేటు తగ్గించండి" అని అడిగే క్లయింట్లు ఉంటారు. అదే పని చేసే ఇతర దేశాలవాళ్ల కరెన్సీలు కూడా పడితే వాళ్లు నిజంగానే రేటు తగ్గిస్తారు, అప్పుడు ఈయనా తగ్గక తప్పదు. అందుకే పాత బిల్లు రేటు నిలబెట్టుకోగలిగినన్నాళ్లే ఈ లాభం.

ప్రశ్న: మా ఫోన్ డబ్బా మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. ఇక్కడే తయారైనదానికి డాలరుతో ఏం పని?
*(ఒక విద్యార్థి, రాయగడ)*

జవాబు: ఇక్కడ ఎక్కువగా జరిగేది అసెంబ్లీ. ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే ప్యానెల్ లాంటి ఖరీదైన భాగాలు బయటి నుంచే వస్తాయి, వాటి బిల్లు డాలర్లలోనే. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే ఫోన్‌పై కస్టమ్స్ సుంకం ఉంటుంది (2024 బడ్జెట్‌లో 20 నుంచి 15 శాతానికి తగ్గించారు), ఇక్కడ బిగిస్తే కంపెనీకి అది తప్పుతుంది. సుంకం తప్పింది కానీ డాలరు తప్పలేదు.

అయితే ఫోన్ల ధర ఎస్ఎస్‌డీలా వారం వారం కదలదు. విడుదల రోజున ప్రకటించిన ధరకే కంపెనీలు ఎక్కువగా కట్టుబడి ఉంటాయి. రూపాయి ప్రభావం ముందుగా కనబడేది తగ్గింపుల్లో. బ్యాంకు కార్డు ఆఫర్ చిన్నదవుతుంది, ఎక్స్‌ఛేంజ్ బోనస్ మాయమవుతుంది. తర్వాత అదే సిరీస్‌లో కొత్త మోడల్ రెండు వేలో మూడు వేలో ఎక్కువకు వస్తుంది, లేదా ధర అంతే ఉంచి ఛార్జర్ తీసేస్తారు, స్టోరేజీ కోస్తారు. మీకు నచ్చిన ఫోన్ ఇప్పటికే మార్కెట్లో ఉండి ఆఫర్ నడుస్తుంటే, డాలరు ఎక్కుతున్న రోజుల్లో తర్వాతి మోడల్ కోసం ఆగడం వల్ల డబ్బు మిగలదు.