మౌఖిక పరీక్షకు ముందు గీసుకోవలసిన పటం

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులతో,

సమగ్ర మౌఖిక పరీక్షకు మూడు నెలలే ఉన్నాయనీ, జాబితాలోని పుస్తకాలకు ఒక్కొక్కదానికీ సారాంశం రాసుకుంటున్నావనీ నీ ఉత్తరంలో చూశాను. నేనూ ఆ పనే చేసి దెబ్బతిన్నాను. నా పరీక్షలో ఒక పుస్తకం గురించి ధారాళంగా చెబుతుండగా పరీక్షకుల్లో ఒకరు, “సరే, ఈయన ఇదంతా ఎవరికి జవాబుగా రాశారు?” అని అడిగారు. నా సారాంశాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. అందువల్ల నోట మాట రాలేదు.

పుస్తకాల జాబితా ఎంత పొడుగున్నా, దాన్ని మోసే వాదాలు సాధారణంగా ఐదారుకు మించవు. ఒక్కొక్క వాదానికి ఒక పెద్ద కాగితం తీసుకుని, నడుమ పేరు కాక ప్రశ్న రాయి. దాని చుట్టూ వాదించినవాళ్ళ పేర్లు పెట్టి, ఎవరు ఎవరికి జవాబిచ్చారో బాణాలతో చూపు. నీ రంగం ఐరోపా ఆర్థిక చరిత్ర కాబట్టి అందులోనిదే ఒకటి చేసి చూపిస్తాను. ఫ్యూడల్ వ్యవస్థ నుంచి పెట్టుబడిదారీ వ్యవస్థకు మార్పు ఎలా వచ్చిందన్న వాదంలో నడుమ రాయవలసిన ప్రశ్న ఇది: పాత వ్యవస్థను కదిలించిన శక్తి దాని లోపలే పుట్టిందా, బయటి నుంచి వచ్చిందా?

మారిస్ డాబ్ 1946లో లోపలే పుట్టిందన్నాడు. ప్రభువుల ఆదాయావసరం పెరిగి, రైతుల మీద ఒత్తిడి హద్దు మీరి, వాళ్ళు భూములు వదిలి పారిపోవడం వల్ల వ్యవస్థ శిథిలమైందని ఆయన వాదన. 1950లో పాల్ స్వీజీ దానిని ప్రశ్నిస్తూ, దూరప్రాంతాల వర్తకమూ దానితో పెరిగిన పట్టణాలూ బయటి నుంచి ఆ వ్యవస్థను కరిగించాయన్నాడు. ఇక్కడ స్వీజీ నుంచి డాబ్ వైపు బాణం గీసి వదిలేస్తే పటం అబద్ధమాడుతుంది. ఇద్దరి తగాదా కారణం దగ్గర మొదలు కాలేదు, నిర్వచనం దగ్గర మొదలైంది. డాబ్ దృష్టిలో ఫ్యూడలిజమంటే దాదాపు రైతును భూమికి కట్టివేసే దాస్యమే; స్వీజీ దృష్టిలో అది సొంత వాడకం కోసం సాగే ఉత్పత్తి. ఫ్యూడలిజమంటే సొంత వాడకపు ఉత్పత్తి అనుకున్నవాడికి, సంత కోసం ఉత్పత్తిని పెంచే వర్తకమే దాన్ని కూల్చే శక్తిగా కనిపించడంలో వింత లేదు. కాబట్టి ప్రతి బాణం మీదా తగాదా నిర్వచనం గురించా, కారణం గురించా, ఆధారాల గురించా అన్నది ఒక్క మాటలో రాయి. నా అనుభవంలో పరీక్షకులు తవ్వేది అక్కడే.

తరువాత 1976లో ఒక వ్యాసంతో రాబర్ట్ బ్రెన్నర్ వస్తాడు. ఆయనను డాబ్ పక్కన పెట్టి ఊరుకోవడం అందరూ చేసే పొరపాటు. వర్గ సంబంధాలకు ప్రాధాన్యమివ్వడంలో ఆయన డాబ్‌కు దగ్గరివాడే కానీ, ఆ వ్యాసంలో ఆయన ముఖ్యంగా తలపడినది జనాభా హెచ్చుతగ్గులతోనే మార్పును వివరించిన పోస్టన్, లె రోయ్ లాదురీలతో. పద్నాలుగో శతాబ్దపు ప్లేగుతో జనాభా పశ్చిమ ఐరోపాలోనూ, తూర్పునా తగ్గింది. పశ్చిమాన రైతు దాస్యం సడలితే, తూర్పున ఆ తరువాతి కాలంలో అది మరింత బిగిసింది. ఒకే కారణం రెండు వ్యతిరేక ఫలితాలిస్తే, ఆ కారణం చాలదనేది ఆయన పట్టు. వర్తకం వాదానికీ ఆయన ఇదే రీతిలో జవాబిస్తాడు. కాబట్టి ఆయన నుంచి రెండు బాణాలు బయలుదేరాలి. రెండు శిబిరాలుగా గీసుకున్న పటం ఇక్కడ విరిగిపోతుంది. విరిగితే అతికించకు, మూడో మూల తెరువు. 1974లో ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టైన్ ప్రతిపాదించిన ప్రపంచ ఆర్థిక వ్యవస్థను స్వీజీ వైపు పెట్టు. 1977లో బ్రెన్నర్ ఆ ఇద్దరినీ కలిపి విమర్శించాడు గనుక ఆ బాణాన్ని మరిచిపోకు.

పటం పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి కాగితం మూసేసి, పది నిమిషాల్లో ఖాళీ కాగితం మీద మళ్ళీ గీయి. పేర్లు వచ్చి బాణాల మీది మాటలు రాకపోతే, నువ్వు వాదం కాక వంశవృక్షం నేర్చుకున్నావన్నమాట. ఆపైన ఒక్కొక్క బాణాన్నీ రెండు నిమిషాలు బయటికి మాట్లాడు. దెబ్బ తిన్నవాడి తరఫున జవాబు కూడా చెప్పు. బ్రెన్నర్ పట్టుకు పోస్టన్ పక్షం వాడు ఏమంటాడో నీకు తోచకపోతే, ఆ పుస్తకాన్ని మళ్ళీ తెరువు. మిగతా పుస్తకాలను తిరగేస్తే చాలు.

ఈ పద్ధతికి ఒక లోపముంది. వాదాల్లో గట్టిగా అరిచినవాళ్ళే పటంలో పెద్దగా కనిపిస్తారు. ఎవరితోనూ తగవు పడకుండా ఊరి లెక్కలూ కౌలు పత్రాలూ తవ్వి తీసినవాళ్ళు కనబడరు. అందుకని ప్రతి కాగితం అంచున, ఈ వాదాన్ని తేల్చగల ఆధారం ఏదో ఒకటి రాసుకో.

మొదటి కాగితం పూర్తవగానే నాకు పంపు. బాణాల మీద ఏమీ రాయకుండా పంపితే మాత్రం అలాగే తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ మేనమామ