అరిగిపోవడం వేరు, విరిగిపోవడం వేరు: మెషినరీ పాలసీలో డబ్బు ఎక్కడ వస్తుంది, ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: సార్, జీడిమెట్లలో మాకు చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉంది, నాలుగు ఇంజెక్షన్ మెషిన్లు. బ్యాంకు లోన్ కోసం ఫైర్ పాలసీ తీసుకున్నాం. మొన్న కరెంట్ పోయి, వచ్చేటప్పుడు ఒక్కసారిగా హై ఓల్టేజ్ రావడంతో ఒక మెషిన్ సర్వో డ్రైవ్ కాలిపోయింది. ఫైర్ పాలసీలో అది రాదన్నారు. ఏజెంట్ మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ తీసుకోమంటున్నాడు. కొన్న రేటుకే విలువ వేయిస్తే ప్రీమియం తగ్గుతుందంటున్నాడు. పక్క యూనిట్ ఆయనేమో "దండగ, ఏది అడిగినా వేర్ అండ్ టేర్ అని కొట్టేస్తారు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పాలసీ తీసుకోండి. ఏజెంట్ చెప్పిన విలువకు మాత్రం వద్దు. పక్క యూనిట్ ఆయన మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తెలుసుకుంటే మీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ముందు డ్రైవ్ సంగతి. ఫైర్ పాలసీలో ఒక షరతు ఉంటుంది. షార్ట్ సర్క్యూట్, ఎక్కువ ఓల్టేజ్, ఆర్కింగ్, తనంతట తానే వేడెక్కడం, కరెంట్ లీకవడం, వీటివల్ల ఏ ఎలక్ట్రికల్ మెషిన్ పాడైందో ఆ మెషిన్‌కు మాత్రం డబ్బు ఇవ్వరు. అదే డ్రైవ్ నుంచి మంటలు లేచి పక్క మెషిన్‌నూ, షెడ్డునూ కాల్చి ఉంటే ఆ పక్క మెషిన్‌కూ షెడ్డుకూ వచ్చేది. మీ దగ్గర మంట పాకలేదు, డ్రైవ్ ఒక్కటే పోయింది కాబట్టి వాళ్లు కాదనడం ఆ షరతు ప్రకారం సరైనదే. సరిగ్గా ఈ ఖాళీని పూడ్చడానికే మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ ఉంది. నడుస్తున్నా ఆగి ఉన్నా, శుభ్రం చేయడానికి విప్పినా, షెడ్డులోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపినా, అనుకోకుండా ఒక్కసారిగా మెషిన్‌కు జరిగిన మెకానికల్, ఎలక్ట్రికల్ నష్టం ఇందులోకి వస్తుంది. అగ్నిప్రమాదం మాత్రం ఇందులో రాదు, దానికి ఫైర్ పాలసీయే. అందుకే రెండూ ఉండాలి.

డ్రైవ్, కంట్రోలర్ మెషిన్‌లో భాగమే కాబట్టి వాటి విలువ మెషిన్ విలువలోనే కలవాలి. ఆఫీసు కంప్యూటర్లు, సర్వర్, సీసీ కెమెరాల వంటివాటికి వేరుగా ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ ఉంది. దాంట్లో మంట, దొంగతనం కూడా కలిసే ఉంటాయి. మీ యూనిట్‌కు అది రెండో ప్రాధాన్యం, ముందు మెషిన్ల సంగతి తేల్చుకోండి.

ఇక వేర్ అండ్ టేర్. పాలసీలో దీన్ని రెండు వాక్యాల్లో రాస్తారు. మామూలుగా వాడటం వల్ల ఏ భాగమైనా అరిగిపోతే ఆ అరుగుదలకు డబ్బు రాదన్నది ఒకటి. నెమ్మదిగా పెరిగే పగుళ్లు, లోపాలు కనిపించినా, మెషిన్‌ను వెంటనే ఆపాల్సిన అవసరం లేనంతవరకు, ముందు ముందు ఆ భాగం మార్చాల్సి వచ్చినా, దానికి డబ్బు రాదన్నది రెండోది. పైకి చిన్నగా కనిపించే ఈ వాక్యాల మీదే క్లెయిములన్నీ తేలతాయి. మీ మెషిన్‌లోనే చూద్దాం.

మీరు గ్లాస్ ఫిల్డ్ నైలాన్ కొడుతున్నారనుకోండి. అందులోని గాజు పీచు స్క్రూ అంచుల్ని, బ్యారెల్ లోపలి గోడనూ రోజూ కొద్దికొద్దిగా తినేస్తుంది. వాటి మధ్య సందు పెరుగుతుంది, కరిగిన ప్లాస్టిక్ ముందుకు పోకుండా వెనక్కి జారుతుంది. షాట్ వెయిట్ నిలకడగా రాదు, సైకిల్ టైమ్ సాగుతుంది, రిజెక్షన్ పెరుగుతుంది. చివరికి ఒకరోజు ఆపరేటర్ "ఇక లాభం లేదు" అంటాడు, కొత్త సెట్ వేస్తారు. మెషిన్ ఆ రోజే ఆగినా నష్టం ఆ రోజు జరిగింది కాదు. దీనికి ఒక్క రూపాయి కూడా రాదు, రావాలని అడగడం కూడా సరికాదు. అది మీ ఉత్పత్తి ఖర్చులో ముందే కలుపుకోవాల్సిన డబ్బు.

ఇప్పుడు ఇంకో రకం. గ్రైండింగ్ చేసిన మెటీరియల్‌తో పాటు ఒక బోల్టు ముక్క హాపర్‌లో పడింది, స్క్రూ ఫట్‌మని విరిగింది, బ్యారెల్ లోపల గీరుకుపోయింది. ఇది అనుకోని నష్టం. స్క్రూ అప్పటికే కొంత అరిగి ఉన్నా, విరగడానికి కారణం బోల్టు, అరుగుదల కాదు. క్లెయిమ్ నిలుస్తుంది.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. బేరింగ్ అరిగి అరిగి ఒకరోజు జామైంది, రోటర్ వెళ్లి స్టేటర్‌కు రాసుకుంది, వైండింగ్ కాలింది. మొదలు అరుగుదలే, చివర ఒక్కసారిగా జరిగిన నష్టం. పైన చెప్పిన షరతు అరిగిన భాగం అరుగుదలను మినహాయిస్తుంది. కాబట్టి బేరింగ్ ఖర్చు మీది, రోటర్, వైండింగ్ ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీది అని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. కానీ అన్ని కంపెనీల రాత ఒక్కలా ఉండదు. కొన్ని పాలసీల్లో అరుగుదల "వల్ల జరిగిన" నష్టం కూడా రాదని ఉంటుంది. అలా ఉంటే వైండింగ్ కూడా పోయినట్టే. అందుకే డబ్బు కట్టకముందే ఈ బేరింగ్ ఉదాహరణనే ఈమెయిల్‌లో రాసి, ఏది వస్తుందో ఏది రాదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంట్ నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

అరుగుదల ఇంకో చోట కూడా మీ డబ్బు తగ్గిస్తుంది. చాలామందికి ఇది బిల్లు కోత పడ్డాకే తెలుస్తుంది. రిపేరులో మార్చిన భాగాలకు సాధారణంగా తరుగు తీయరు. కానీ స్క్రూ, బ్యారెల్ లాంటి పరిమిత ఆయుష్షు ఉన్న భాగాలకు వాడిన మేరకు తీస్తారు. మెషిన్ మొత్తం పోతే ఆ రోజు నాటికి దాని విలువ ఎంతో అంతే ఇస్తారు.

బోల్టు ముక్క పడ్డ ఆ మెషిన్‌కే లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకు. స్క్రూ, బ్యారెల్, చెక్ వాల్వ్ సెట్ 3,90,000. విప్పి బిగించిన కూలీ 35,000. ఎలాగూ విప్పారు కదా అని మార్చిన పాత హీటర్ బ్యాండ్లు, సీళ్లు 35,000. మొత్తం బిల్లు 4,60,000 రూపాయలు. హీటర్లు, సీళ్లు బోల్టు వల్ల పాడు కాలేదు, ఆ 35,000ను నష్టం లెక్కగట్టే సర్వేయర్ తీసేస్తారు. సెట్ ఆయుష్షు 6 ఏళ్లు, మీరు 2 ఏళ్లు వాడారనుకుంటే మూడో వంతు, అంటే 1,30,000 తరుగు. పాత ఇనుము అమ్మితే వచ్చే విలువ కింద ఇంకో 10,000 తీస్తారు. మిగిలింది 2,85,000.

ఇక్కడే ఏజెంట్ సలహా దెబ్బ కొడుతుంది. పాలసీ వేయాల్సింది అదే రకం, అదే సామర్థ్యం ఉన్న కొత్త మెషిన్ ఇవాళ కొంటే అయ్యే ధరకు. రవాణా, దిగుమతి సుంకం, బిగించే ఖర్చు కూడా కలపాలి. మీ మెషిన్ కొన్నప్పుడు 20 లక్షలు, ఇవాళ కొత్తది 32 లక్షలు అనుకుందాం. 20కి వేయిస్తే, 32లో 20 వంతే ఇన్సూర్ చేశారు కాబట్టి ప్రతి క్లెయిమ్‌లో ఆ నిష్పత్తే ఇస్తారు. 2,85,000 కాస్తా 1,78,125 అవుతుంది. మీరు మోయాల్సిన మొదటి భాగం, అంటే ఎక్సెస్, విలువలో 1 శాతం అనుకుంటే 20,000 పోయి చేతికి 1,58,125. సరైన 32 లక్షలకు వేయించి ఉంటే ఎక్సెస్ 32,000 పోయినా 2,53,000 వచ్చేది. ఒక్క రిపేరులో తేడా దాదాపు 95 వేలు. అదనపు 12 లక్షలకు ప్రీమియం ఎంతో కోట్ అడగండి, ఈ 95 వేలతో పోల్చి మీరే నిర్ణయించుకోండి. జీఎస్టీ క్రెడిట్ తీసుకునే యూనిట్ అయితే మెషిన్ ధరలో జీఎస్టీ కలపకుండా వేయించడం గురించి కంపెనీతో మాట్లాడండి.

ఈ లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. 30, 40 వేల మోటార్ రీవైండింగ్‌కు ఈ పాలసీ నుంచి దాదాపు ఏమీ మిగలదు, ఎక్సెస్‌కే సరిపోతుంది. చిన్న రిపేర్లకు మీ దగ్గరే ఒక నిధి పెట్టుకోండి. పాలసీని లక్షల్లో పడే దెబ్బల కోసమే ఉంచుకోండి. మెషిన్ ఆగిన రోజుల్లో పోయిన ఉత్పత్తి, ఆర్డర్లు కూడా ఇందులో రావు. దానికి వేరుగా లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ ఉంది. నాలుగు మెషిన్ల యూనిట్‌కు ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి కాబట్టి మీకు అది ఇప్పుడే అవసరమని నేననుకోను.

పక్క యూనిట్ ఆయన చెప్పినట్టు "వేర్ అండ్ టేర్" అని కొట్టేయకుండా ఉండాలంటే అరుగుదల ఎంతో చూపే కాగితం మీ దగ్గర ఉండాలి. ఏడాదికోసారి స్క్రూ బయటకు తీసినప్పుడు మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, తేదీతో రిజిస్టర్‌లో రాసి, ఫోటో తీయండి. మోటార్లకు ఇన్సులేషన్ ఎలా ఉందో చూపే మెగ్గర్ రీడింగ్, ఆయిల్ మార్చిన తేదీ, గ్రీజు పెట్టిన తేదీ కూడా అలాగే. మెషిన్‌ను సరిగ్గా చూసుకోవాలి, పదేపదే ఓవర్‌లోడ్ చేయకూడదు అన్నది కూడా పాలసీ షరతే. దాన్ని పాటించారనడానికి ఈ రిజిస్టరే సాక్ష్యం. హాపర్‌లో మ్యాగ్నెట్ లేకపోతే ఇప్పుడే పెట్టించండి.

నష్టం జరిగితే ముందు కంపెనీకి ఈమెయిల్ పంపండి, తర్వాతే రిపేరు. విరిగిన ముక్కలు పారేయకండి, వెల్డింగ్ చేయించకండి. విరిగిన ముఖం సర్వేయర్‌కు చాలా చెబుతుంది. ఒకే దెబ్బకు విరిగితే ముఖమంతా కొత్తగా, గరుకుగా ఉంటుంది. పగులు చాలాకాలంగా పాకితే ఒక మూల నుంచి అలల్లాంటి గీతలు, నునుపైన భాగం, చివర కొద్దిగా మాత్రమే గరుకు కనిపిస్తాయి. అలా ఉన్నా క్లెయిమ్ పోయినట్టే అనుకోకండి. బయటికి కనపడని పగులు చివరికి ఒక్కసారిగా విరిగి మెషిన్‌ను ఆపేస్తే, "వెంటనే ఆపాల్సిన అవసరం లేని పగులు" అనే షరతు దానికి వర్తించదని వాదించవచ్చు. సర్వేయర్ అరుగుదల అన్నప్పుడు ఏ భాగం, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఆధారంతో అని రాతపూర్వకంగా అడగండి.

అప్పటికీ కాదంటే కంపెనీకి ఫిర్యాదు రాయండి. వాళ్లు తిరస్కరించినా, నెల దాటినా జవాబు రాకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. యూనిట్ మీ ఒక్కరి పేరుమీద ఉన్న ప్రొప్రైటర్‌షిప్ అయినా, సూక్ష్మ పరిశ్రమ అయినా అక్కడ ఫిర్యాదు తీసుకుంటారు, లాయర్ అక్కర్లేదు.