తాత టోనర్ మార్చిన కథలో ‘-ఇ’ తంటా

సందేహం: మాది పర్లాకిమిడి. రిటైరైన గుమాస్తా తాత, మనవరాలు ఫోన్లో చెప్తుంటే ప్రింటర్‌లో టోనర్ మార్చడం మీద చిన్న కథ రాశాను. "తాత టేపు లాగడం మర్చిపోయి కాయితం తెల్లగా వచ్చింది" అన్న వాక్యం తప్పని ఫ్రెండ్ అంటోంది. చివర్లో "తాత కొత్త టోనర్ లోపల పెట్టి, టేపు లాగి, బాగా ఊపి మూత వేశాడు" అని రాశాను, అది మాత్రం బాగుందంది. నిజమేనా అండీ?

సమాధానం: మొదటిది తప్పే. మర్చిపోయింది తాత, వచ్చింది కాయితం. ‘మర్చిపోయి’ లాంటి రూపాన్ని వ్యాకరణంలో క్త్వార్థకం అంటారు, దాని తర్వాతి పని కూడా మామూలుగా ఆ కర్తే చెయ్యాలి. "మర్చిపోతే కాయితం తెల్లగా వచ్చింది" అనండి, సరిపోతుంది. అయితే "టోనర్ అయిపోయి అక్షరాలు వెలిసిపోయాయి" అంటే ఎవరికీ తప్పనిపించదు, అక్కడా కర్తలు ఇద్దరే కదా అంటారేమో, కానీ అందులో మనిషి లేడు, ఒకటి జరగడం వల్ల ఇంకోటి దానంతటదే జరిగింది. వాన పడి వీధంతా బురదైంది అన్నట్టు. తాత కర్తగా వచ్చేసరికి ఆ వెసులుబాటు పోతుంది.

మీ ఫ్రెండ్ మెచ్చుకున్న వాక్యం వ్యాకరణానికి బానే ఉంది గానీ పనికే అడ్డం తిరిగింది. వరసగా ‘-ఇ’లు పెడితే చదివేవాళ్ళు పనులు ఆ వరసలోనే జరిగాయనుకుంటారు. లోపల పెట్టేశాక దాన్ని ఊపేదెలా? టోనర్ అంటే పొడి, ఒక పక్కకి పేరుకుని ఉంటుంది కాబట్టి ముందు రెండు చేతులా అడ్డంగా పట్టుకుని అయిదారుసార్లు మెల్లగా అటూ ఇటూ ఊపుతారు, అప్పుడు టేపు వంకర పోకుండా తిన్నగా లాగుతారు, ఆ తర్వాతే లోపలికి తోస్తారు. చాలా ప్రింటర్లకి ఇదే వరస. టేపు లాగీసేక గట్టిగా ఊపితే పొడి తాత పంచె మీద రాలుతుంది, వేణ్ణీళ్ళతో కడిగితే గుడ్డకి పట్టేస్తుంది, పొడిగుడ్డతో దులిపి చన్నీళ్ళతోనే కడగాలి (కథకి ఇదీ పనికొస్తుందేమో చూడండి). ఆ టేపు పొడి బయటికొచ్చే సందుని మూసి ఉంచుతుంది, అందుకే అది లాగకపోతే కాయితం తెల్లగా వచ్చేది. కాబట్టి "తాత కొత్త టోనర్ ఊపి, టేపు లాగి, లోపల పెట్టి మూత వేశాడు" అని మార్చండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తాను. మనవరాలి చేత "టేపు లాగండి తాతగారూ" అనిపించకండి, మీ వైపు ఇళ్ళలో పిల్లలు తాతని నువ్వనే అంటారు. "ముందు టేపు లాగీసి, అప్పుడు పెట్టు తాతా" అనిపించండి. ఆ ‘లాగీసి’లో పని పూర్తిగా అయిపోవాలి అన్న అర్థం ఉంది, ఉత్త ‘లాగి’లో అంత గట్టిగా లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళు మీరు, ఇంట్లో మాట కథలో రాయడానికి మొహమాటం దేనికి?