డిప్రిసియేషన్ 60,000 రాశాం సరే, ఆ డబ్బు గల్లాలోంచి పోయిందా?

"సార్, మార్చి 31 క్లోజింగ్ చేస్తున్నా. ఓవెన్ మీద డిప్రిసియేషన్ 60,000 ఖర్చు రాశాను, క్యాష్ నుంచి కట్టినట్టు వేశాను. ఇప్పుడు క్యాష్ బుక్ మైనస్ 41,600 చూపిస్తోంది. ఖర్చు అన్నాక డబ్బు పోవాలి కదా, మరి ఏ అకౌంట్‌లోంచి పోయినట్టు రాయాలి?"

అమ్మా, ఏ అకౌంట్‌లోంచీ పోలేదు. ముందు ఒకటి చూడు, ఆ రోజు రాత్రి కౌంటర్ మూసేటప్పుడు గల్లా లెక్కపెట్టింది మనిద్దరమే, 18,400 ఉంది, నోట్లు కట్టలు కట్టింది నువ్వే. గల్లాలో సున్నా ఉండొచ్చు గానీ మైనస్ ఎప్పటికీ ఉండదు, అందుకే బుక్‌లో మైనస్ వచ్చిందంటే డబ్బు పోలేదు, ఎంట్రీ తప్పు పడిందని అర్థం.

ఆ ఓవెన్ డబ్బు ఎప్పుడు పోయిందో నాకు బాగా గుర్తు. జూన్‌లో డెక్ ఓవెన్ దిగిన రోజు బ్యాంకులోంచి 4,00,000 ఒకేసారి కట్టాను, ఆ వారం మైదా సప్లయర్‌కి ఇవ్వాల్సింది కూడా పది రోజులు ఆపుకున్నాను. డబ్బు బయటికి వెళ్లింది ఆ ఒక్కసారే. కానీ ఆ రోజు లాభనష్టాల్లో ఒక్క రూపాయి కూడా ఖర్చు పడలేదు, ఎందుకంటే ఆ ఓవెన్ ఒక్క ఏడాదిలో అయిపోయేది కాదు, ఏళ్ల తరబడి బన్నులు కాల్చిపెడుతుంది, అందుకని ఆ 4,00,000ని ఆస్తిగా పెట్టుకుని ఏటా కొంత కొంత ఖర్చులోకి దించుకుంటూ వస్తాం, ఆ దించుకోవడమే డిప్రిసియేషన్. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మెషినరీకి 15 శాతం కాబట్టి ఈ ఏడు 60,000, వచ్చే ఏడు మిగిలిన 3,40,000 మీద 51,000. (జూన్‌లో కొన్నాం కాబట్టి పూర్తి రేటు, అదే ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడుంటే సగమే వచ్చేది.)

ఇప్పుడు నీ లెక్కే తీసుకో. డిప్రిసియేషన్ తీయకముందు మన మిగులు 6,90,000, తీశాక లాభం 6,30,000. స్టాకు, ఉధార్లు, నేను ఇంటికి వాడుకున్నది పక్కన పెడితే చేతికి వచ్చింది మాత్రం 6,90,000, అందులో ఓవెన్‌కి 4,00,000 పోతే మిగిలింది 2,90,000. అంటే కాగితం మీద 6,30,000 లాభం కనిపిస్తున్నా ఈ ఏడు బ్యాంకు ఖాళీగా అనిపించింది అందుకే. వచ్చే ఏడు ఇదే వ్యాపారం జరిగితే అటుదిటవుతుంది, లాభం 6,39,000 చూపిస్తాం గానీ చేతిలో 6,90,000 ఉంటుంది. లాభం నుంచి డబ్బు లెక్కకి వెళ్లేటప్పుడు డిప్రిసియేషన్ తిరిగి కలిపేది ఇందుకే, కొత్తగా డబ్బేదో వచ్చిందని కాదు, పోని డబ్బుని పోయినట్టు తీసేశాం కాబట్టి.

ఇంకో చోట కూడా జాగ్రత్త. పోయిన నెల ఓవెన్‌లో ఎడమ మూల ట్రేలు ముందే మాడుతుంటే ఎలిమెంట్ మార్పించి మెకానిక్‌కి 3,200 ఇచ్చాం, అది రిపేరు, నిజంగా గల్లాలోంచి పోయిన డబ్బు, అది పేమెంట్‌లోనే ఉండాలి. అలాగే నేను నెలకి 5,000 ఆర్డీ కడుతున్నా, ఈ ఓవెన్ పాడైన రోజు కొత్తదానికి మళ్లీ పెద్ద మొత్తం కావాలి, డిప్రిసియేషన్ రాసినంత మాత్రాన ఆ డబ్బు ఎక్కడా పోగవదు కదా. ఏడాదికి అది కూడా 60,000 అవుతోందని రెండూ ఒకటే అనుకోకు. ఆర్డీ అంటే మన డబ్బు ఒక అకౌంట్‌లోంచి ఇంకో అకౌంట్‌కి మారడమే, ఖర్చు కాదు. డిప్రిసియేషన్ ఖర్చే, కానీ డబ్బు కదలదు.

ఒక్క విషయంలో మాత్రం దీనివల్ల డబ్బు మీద తేడా పడుతుంది, లాభం 60,000 తగ్గింది కాబట్టి మనకి ట్యాక్స్ పడే స్లాబ్‌ని బట్టి ఆ మేరకు పన్ను తగ్గొచ్చు. అది కూడా పోకుండా ఆగే డబ్బే.

ట్యాలీలో F5 పేమెంట్‌లో వేసిన ఆ వోచర్ డిలీట్ చేసి, F7 జర్నల్‌లో డిప్రిసియేషన్ డెబిట్ 60,000, ఓవెన్ క్రెడిట్ 60,000 వెయ్యి, క్యాష్ లెడ్జర్‌ని ముట్టుకోకు. తర్వాత క్యాష్ బుక్ తెరిచి చూడు, 18,400 రావాలి, ఓవెన్ 3,40,000 చూపించాలి. ఈ రెండూ సరిపోయాకే ఆడిటర్ గారికి పంపు.