రేడియోలో వంటనూనెకు తమిళ జింగిల్ రాయాలి. ప్రాస ఎలా కుదర్చాలి?

రెండు పాదాలు, పాదానికి నాలుగు తాళం దెబ్బలు చాలు. ఇలా రాయొచ్చు:

వణ్ణం పారు, వాసం పారు
ఎణ్ణెయ్‌నా ______ పేరు

అంటే రంగు చూడు, వాసన చూడు, నూనె అంటే ఫలానా పేరే. వణ్ణం, ఎణ్ణెయ్‌లలో రెండో అక్షరం కలవడం ఎదుగై, అచ్చం మన ప్రాసే. తమిళ చెవి మొదట పట్టేది దాన్నే. చివర పారు, పేరు కలిసేది ఇయైబు.

ఖాళీలో బ్రాండు పేరు రెండక్షరాలైతే హాయిగా ఇముడుతుంది. నాలుగైతే గాయకుడు మింగేస్తాడు, వినేవాళ్లకు ‘ఎణ్ణెయ్’ ఒక్కటే మిగులుతుంది. బాణీలో దీర్ఘాలు కుదించకండి, ‘పారు’ కాస్తా ‘పరు’ అయితే మొటిమ! పది సెకన్ల స్పాట్‌లో రెండుసార్లు పాడించి, చివర సంగీతం ఆపి పేరొక్కటే పలికించండి.