నాలుగు కార్డ్స్‌తో ఇన్ని పాటలు ఎలా?

కడపలో చర్చి క్వయర్‌కి కీబోర్డ్ వాయిస్తాను. సి, జి, ఏ మైనర్, ఎఫ్ తిప్పుతూ పోతే చాలా పాటలు సరిపోతున్నాయి. ఎందుకని?

మేజర్ స్కేల్‌లోని ఏడు స్వరాలూ ఆ నాలుగు కార్డ్స్‌లోనే ఉన్నాయి కాబట్టి, బాణీ ఏ స్వరం మీద నిలబడినా దానికి ఆసరా దొరుకుతుంది.

సి ని షడ్జమం అనుకోండి, శంకరాభరణం స్వరాలు వస్తాయి. స నుంచి లెక్కపెడితే ఎన్నో స్వరం మీద కార్డ్ మొదలవుతుందో ఆ అంకెతోనే దాన్ని పిలుద్దాం: ఒకటో కార్డ్ సి అంటే స గ ప, ఐదోది జి అంటే ప ని రి, ఆరోది ఏ మైనర్ అంటే ద స గ, నాలుగోది ఎఫ్ అంటే మ ద స. ఆరు నుంచి నాలుగుకి వెళ్లేటప్పుడు ద, స అలాగే ఉంటాయి. గ మీది వేలు పక్కనున్న మ కి జరిపితే చాలు. అక్కడి నుంచి మళ్లీ ఒకటికి వస్తే పాట ముగిసినంత గట్టిగా అనిపించదు, అందుకే చుట్టు ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాదు.

స పట్టుకుని నాలుగు కార్డ్స్ వరసగా వాయించి చూడండి. మూడింటిలో హాయిగా కలుస్తుంది. ఐదో దాంట్లో మాత్రం స, ని పక్కపక్కనే పడి గీరుకుంటాయి. గాయకులు అక్కడ ని కో రి కో జరిగేది అందుకే, ఆ చిన్న కదలికే చెవికి బాగుంటుంది.

ఏ పాటకైనా ఇవి సరిపోతాయనుకోవడం మాత్రం పొరపాటు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడుతూ వాయించండి: శుద్ధ రిషభం ఐదో కార్డ్‌తో, శుద్ధ ధైవతం ఆరు, నాలుగు కార్డ్స్‌తో కొట్టుకుంటాయి. ఒకటోది ఒక్కటే నిలుస్తుంది.